పదివేల ఏడు వందల తేడా

పటమటలో రత్నా బ్రెడ్ ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ నిసార్ అహ్మద్ దాని అకౌంటెంటు. బి.కామ్. చదివి, ఒక ఆడిటరు గారి దగ్గర ఏడేళ్ళు పనిచేసి, అక్కడినుంచి ఇక్కడికి వచ్చాడు. ఫ్యాక్టరీ యజమాని పోయాక ఆయన భార్య సుబ్బరత్నం గారు బాధ్యత తీసుకున్నారు. మైదాపిండి రకం చేత్తో పట్టి చెప్పగలదు, ఏ ఊళ్ళో ఏ కొట్టువాడు బ్రెడ్డు వెనక్కి పంపుతాడో నోటికి చెప్పగలదు కానీ, ఇన్‌కమ్ టాక్సు మాటెత్తితే మాత్రం ఆమె నిసార్ వైపు చూసేది. ఆయన సంతకం పెట్టమన్నచోట చదవకుండా పెట్టేది. అది ఆయనకు గర్వంగానూ ఉండేది, అప్పుడప్పుడూ భయంగానూ ఉండేది.

తొంభై ఆరు మార్చిలో వ్యాన్ల సంగతి వచ్చింది. అప్పటిదాకా బ్రెడ్డు కిరాయి ఆటోల్లో వెళ్ళేది. ఉయ్యూరు, గుడివాడ, హనుమాన్ జంక్షన్ కొట్లవాళ్ళు తెల్లారి ఆరు గంటలకల్లా సరుకు కావాలంటున్నారు. ఆటోవాళ్ళు పెళ్ళిళ్ళ రోజుల్లో మొహం చాటేస్తున్నారు. సొంతంగా నాలుగు వ్యాన్లు ఉంటే తప్ప లాభం లేదని తేలిపోయింది. మూసిన బాడీతో ఒక్కోటి రెండున్నర లక్షలు. మొత్తం పది లక్షలు.

సుబ్బరత్నం గారు బ్యాంకులో అప్పు తీసుకుని కొందామన్నారు. కొడుకు జయకృష్ణ లీజుకు తీసుకుందామన్నాడు. అతను ఇంజనీరింగు చదివి తల్లికి తోడుగా వ్యాపారంలోకి వచ్చి రెండేళ్ళయింది, భాగస్తుడు కూడా. ఆ రోజుల్లో బందరు రోడ్డు పొడుగునా లీజింగు కంపెనీల బోర్డులే. వాటిలో డెల్టాసిరి లీజింగ్ అనే కంపెనీ బ్రాంచి మేనేజరు వెంకటకృష్ణారావు రెండుసార్లు ఫ్యాక్టరీకి వచ్చి వెళ్ళాడు. వ్యాను ఒక్కింటికి నెలకు ఐదువేల నూరు అద్దె, ఐదేళ్ళు. ముందుగా లక్ష రూపాయలు డిపాజిట్, ఐదేళ్ళ తరవాత వడ్డీ లేకుండా వాపసు. అప్పుడు బళ్ళు వాళ్ళకు ఇచ్చెయ్యాలి. మరమ్మతులూ బీమా ఎటూ మనవే.

తల్లీకొడుకులు వారం రోజులు వాదించుకున్నారు. చివరికి ఆమే ఒక మాట చెప్పింది. నిసార్ గారు లెక్క కట్టి ఏది చవకంటే అదే చేద్దాం, నాకూ నీకూ కూడా ఇక మాట లేదు, అని.

ఆయన మూడు రోజులు కూర్చున్నాడు. ఇలాంటి లెక్క ఆయనకు కొత్త కాదు. ఆడిటరు గారి దగ్గర ఉన్నప్పుడు చెరుకు ట్రాక్టర్లకు కట్టాడు, ఐస్ ఫ్యాక్టరీ మోటార్లకు కట్టాడు. అయినా ఈసారి ప్రతి అంకెనూ రెండుసార్లు వేసి చూసుకున్నాడు. నాలుగో రోజు ఉదయం తల్లీకొడుకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పాడు.

టాక్సు కట్టాక మన చేతినుంచి నిజంగా పోయేదెంత అన్నదే లెక్క అన్నాడు. భాగస్వామ్య సంస్థ కాబట్టి లాభంలో నూటికి నలభై టాక్సు. బళ్ళు కొంటే ఏడాదికి నూటికి పాతిక చొప్పున తరుగుదల ఖర్చుగా రాసుకోవచ్చు. మొదటి ఏడు రెండున్నర లక్షలు ఖర్చు రాస్తే, లక్ష రూపాయల టాక్సు మిగులుతుంది. రెండో ఏడు మిగిలిన విలువ మీద పాతిక, అంటే డెబ్బై ఐదు వేలు మిగులు. అలా ఏటేటా తగ్గుతూ పోతుంది. ఐదేళ్ళ తరవాత బళ్ళు అమ్మితే రెండు లక్షలు రావచ్చు. లీజుకు తీసుకుంటే తరుగుదల మనకు రాదు, అది బళ్ళ సొంతదారుడికి. కాని కట్టిన అద్దె మొత్తం ఖర్చే. నూరు రూపాయల అద్దెలో నలభై టాక్సు రూపంలో తగ్గి, మనకు పడేది అరవై.

జయకృష్ణ ఒక ప్రశ్న వేశాడు. "మరి బ్యాంకుకి కట్టే వడ్డీ ఏదంకుల్, కొనే లెక్కలో లేదే?"

మంచి ప్రశ్న అని నిసార్ మెచ్చుకున్నాడు. బ్యాంకు వడ్డీ పద్దెనిమిది. వడ్డీ కూడా ఖర్చే కాబట్టి టాక్సు పోను మనకు పడేది పది పాయింట్ ఎనిమిది. రేపు చేతికొచ్చే రూపాయి ఈ రోజు రూపాయంత విలువ చెయ్యదు కాబట్టి, దాన్ని ఈ రోజు విలువకు తేవడానికి వాడిన రేటు అదే. వడ్డీ అందులోనే ఉంది. మళ్ళీ విడిగా వేస్తే ఒకే ఖర్చును రెండుసార్లు వేసినట్టవుతుంది. అద్దెను కూడా ఏడాది చివర ఒక్కసారిగా కాకుండా, ఏ నెలది ఆ నెలకే విలువ కట్టాననీ, అలా చెయ్యకపోతే లీజు ఉన్నదానికన్నా చవగ్గా కనబడుతుందనీ చెప్పాడు.

కొంటే ఈ రోజు విలువలో పడేది ఆరు లక్షల నలభై వేల ఆరు వందలు. లీజుకు, డిపాజిట్ మీద పోయే వడ్డీతో సహా, ఆరు లక్షల ఇరవై తొమ్మిది వేల తొమ్మిది వందలు. పదివేల ఏడు వందలు లీజు చవక.

"పది లక్షల మీద పదివేలేనా?" అంది సుబ్బరత్నం గారు.

"అంతేనండీ. దగ్గర దగ్గరగా సమానమే."

"వాళ్ళెలా ఇస్తున్నారు ఇంత తక్కువకి? వాళ్ళకేం మిగులుతుంది?"

బళ్ళు అద్దెకు తిప్పే వ్యాపారానికి తరుగుదల నూటికి నలభై అనీ, వాళ్ళు ఆ రేటున రాసుకుని, మిగిలిన టాక్సులో కొంత మనకు అద్దె తగ్గించి ఇస్తున్నారనీ నిసార్ చెప్పాడు. అది నిజమే. పుస్తకంలో ఉన్న కారణమే. ఆమె కాసేపు ఆ కాగితం వైపు చూసి, పక్కన పెట్టింది.

"అంకెలు సరేనండీ. మీరైతే ఏం చేస్తారు నిసార్ గారూ?"

తన డబ్బే అయితే కొనేవాడు. ఎందుకో అడిగితే చెప్పలేడు. వస్తువు తనదై ఉంటే నిద్ర బాగా పడుతుందన్న పాత బుద్ధి తప్ప కారణమేమీ లేదు. చదువుకున్నవాడు, కాగితం మీద ఒకటి చూపించి నోటితో ఇంకొకటి చెబితే ఇక ఆ కాగితం ఎందుకు? జయకృష్ణ కూడా తన మొహంలోకే చూస్తున్నాడు.

"లెక్క లీజే అంటోందండీ" అన్నాడు.

లీజు ఒప్పందం ఇరవై రెండు పేజీలు. నిసార్ అంతా చదివాడు. పదిహేడో అంశంలో, ఈ బళ్ళను, వీటిమీద వచ్చే అద్దెను కంపెనీ తన అప్పులకు హామీగా ఎవరికైనా పెట్టుకోవచ్చు అని ఉంది. ఇదేమిటని వెంకటకృష్ణారావును అడిగాడు. అన్ని కంపెనీల ఒప్పందాల్లోనూ ఉండేదే, మేమూ బ్యాంకు దగ్గర తెచ్చే కదండీ మీకిచ్చేది అన్నాడాయన. నిసార్ ఇంకో రెండు కంపెనీల ఒప్పందాలు సంపాదించి చూశాడు. నిజంగానే అన్నింట్లోనూ ఉంది. సుబ్బరత్నం గారు ఇరవై రెండు పేజీల మీదా సంతకాలు పెట్టింది. తరవాత అరవై నెలలకు అరవై చెక్కులు, నెలనెలా ఐదో తారీఖు వేసి, సంతకం చేసి ఇచ్చేశారు.

ఏప్రిల్ మొదటి వారంలో వ్యాన్లు వచ్చాయి. తెల్ల బాడీ మీద ఎర్ర అక్షరాలతో రత్నా బ్రెడ్ అని రాయించారు. ఆర్.సి. పుస్తకంలో పేరు ఫ్యాక్టరీదే, దాని కింద లీజు అన్న రవాణా ఆఫీసు ముద్ర. డ్రైవర్లలో పెద్దవాడు ఆమోసుకు హనుమాన్ జంక్షన్ లైను ఇచ్చారు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి గన్నవరం మీదుగా వెళ్ళి, తొమ్మిదికల్లా ఖాళీ ట్రేలతో వచ్చేసేవాడు. లైను ఏలూరు, నూజివీడుల దాకా పెరిగి, కొట్ల సంఖ్య రెండేళ్ళలో రెట్టింపయింది. రాత్రి షిఫ్టు కోసం ఇంకో పొయ్యి కట్టారు. జయకృష్ణ పెళ్ళయింది. రత్నా బ్రెడ్ వ్యాన్లు చూసి గడియారాలు సరిచేసుకుంటామని ఉయ్యూరు కొట్టాయన ఒకసారి అన్నాడని సుబ్బరత్నం గారు చాలామందికి చెప్పుకుంది.

తొంభై ఎనిమిది జూలై ఇరవయ్యో తారీఖున ఒక రిజిస్టరు ఉత్తరం వచ్చింది. హైదరాబాదులోని ఒక బ్యాంకు రాసింది. డెల్టాసిరి కంపెనీ తమకు పెద్ద మొత్తం బాకీ పడిందనీ, మీ నాలుగు బళ్ళూ వాటి అద్దే తమకు హామీగా ఉన్నాయనీ, ఆగస్టు నుంచి అద్దె తమకే కట్టాలనీ, కంపెనీకి కడితే చెల్లదనీ దాని సారాంశం. నిసార్ దాన్ని మూడుసార్లు చదివాడు. తరవాత ఒప్పందం తీసి పదిహేడో అంశం చదివాడు. ఉత్తరంలో తప్పేమీ లేదు.

ఆ మధ్యాహ్నమే బందరు రోడ్డుకు వెళ్ళాడు. వెంకటకృష్ణారావు ఎప్పటిలాగే లేచి నిలబడి కుర్చీ చూపించాడు. బ్యాంకుతో మాటలు నడుస్తున్నాయనీ, వారంలో సర్దుబాటు అవుతుందనీ, ఆ ఉత్తరం పట్టించుకోవద్దనీ చెప్పాడు. ఐదో తారీఖు చెక్కు మాత్రం ఎప్పటిలాగే బ్యాంకులో వేస్తామన్నాడు. వెయ్యొద్దని, హైదరాబాదు బ్యాంకుకే కట్టుకుంటామని నిసార్ అన్నాడు.

"చెక్కులు నా దగ్గర లేవండీ, హెడ్డాఫీసులో ఉంటాయి. వాళ్ళు వేస్తారు. వేసింది తిరిగొస్తే మాత్రం నోటీసు ఇస్తారు. చెక్కు కేసంటే క్రిమినలు కేసని మీకు నేను చెప్పక్కర్లేదు" అన్నాడు వెంకటకృష్ణారావు. బెదిరించినట్టు అనలేదు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. ఆయన కూడా సరిగా నిద్రపోతున్నట్టు లేదు.

అక్కడినుంచి సుబ్బరత్నం గారినీ జయకృష్ణనూ తీసుకుని వకీలు రామకోటేశ్వరరావు గారి దగ్గరకు వెళ్ళాడు. ఆయన కాగితాలన్నీ తిరగేశారు. చెక్కులు చెల్లించొద్దని మన బ్యాంకుకు రాస్తే సరిపోదా అని జయకృష్ణ అడిగితే తల అడ్డంగా ఊపారు. చెల్లింపు ఆపినా కేసు పడుతుంది. చెల్లిస్తే హైదరాబాదు బ్యాంకు దృష్టిలో అద్దె కట్టనట్టే. ఇద్దరికీ కట్టాలంటే నెలకు ఇరవై వేల నాలుగు వందలు రెండుసార్లు కట్టాలి.

"ఒకటే దారుందండీ. అద్దె ఎవరికివ్వాలో మీరే తేల్చండని కోర్టుకి వెళ్ళి, డబ్బు కోర్టులో కట్టెయ్యడం. దావా వేద్దాం."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" సుబ్బరత్నం గారు అడిగింది.

"దావా తీసుకుని దానికి నంబరు వెయ్యడానికే రెండు నెలలు పట్టొచ్చు. అవతలివాళ్ళకి నోటీసులు అందాలి, వాళ్ళు రావాలి. ఈ లోపల మీ చెక్కుల సంగతి నా చేతిలో లేదు, కోర్టు చేతిలోనూ లేదు."

దావా వేశారు. అందులో ఒక కాగితం తక్కువైందని ఒకసారి వెనక్కి వచ్చింది, కోర్టు ఫీజు చాల్లేదని ఇంకోసారి వచ్చింది. ఆగస్టు చెక్కు కంపెనీ ఖాతాలో పడింది. సెప్టెంబరుది పడింది. దసరా సెలవుల్లో కోర్టు మూసినా అక్టోబరు చెక్కు మాత్రం ఐదో తారీఖుకే పడింది. ప్రతి నెలా ఆరో తారీఖున నిసార్ పాసుబుక్కు తెప్పించుకుని ఆ గీత చూసేవాడు. హైదరాబాదు బ్యాంకుకు నాలుగు ఉత్తరాలు రాశాడు. మేం డబ్బు ఎగ్గొట్టడం లేదు, చెక్కులు ముందే ఇచ్చేశాం, ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి అని. ఒక్కదానికే జవాబు వచ్చింది. మీ ఉత్తరం అందింది, తగిన చర్య కోసం పంపాం అని ఒకే వాక్యం.

నవంబరు చెక్కు కూడా పడ్డ వారంలోనే డెల్టాసిరి ఆఫీసుకు తాళం పడింది. దానిలో డిపాజిట్లు వేసినవాళ్ళు, ఎక్కువగా రిటైరైన మేష్టర్లు, రైల్వేవాళ్ళు, మెట్ల మీద కూర్చుని ఉండేవారు. నిసార్ వెళ్ళి చూసి వచ్చాడు. అక్కడ ఒక ముసలాయన, మీరెంత వేశారు బాబూ అని అడిగాడు. వెయ్యలేదండీ, తీసుకున్నాం, అన్నాడు నిసార్. అయితే నీకేం భయం అన్నట్టు ఆయన మొహం తిప్పుకున్నాడు.

కార్తీకమాసంలో ఒక బుధవారం ఉదయం ఆరున్నరకు ఫ్యాక్టరీకి ఫోను వచ్చింది. హనుమాన్ జంక్షన్ లో ఒక టీ బంకు దగ్గరనుంచి ఆమోసు చేశాడు. బండి ఆపేశారు సార్, పోలీసాయన కూడా ఉన్నాడు, మీరు రావాలి అని. నిసార్ స్కూటరు మీద బయల్దేరాడు. దారంతా మంచు. గన్నవరం దాటేదాకా ఎదురుగా వచ్చే లారీల దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. స్కూటరు నడుపుతూనే చెప్పాల్సిన మాటలు వరసలో పెట్టుకున్నాడు. కట్టిన చెక్కుల జాబితా, దావా కాగితాలు, బ్యాంకుకు రాసిన ఉత్తరాల నకళ్ళు అన్నీ సంచిలో ఉన్నాయి.

వ్యాను ఏలూరు వైపు రోడ్డు మీద ఒక పక్కగా ఆపి ఉంది. ఆమోసు బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. కోర్టు నియమించిన రిసీవరు తరఫున వచ్చినతను కుర్ర వకీలు, పాతికేళ్ళు దాటి ఉండవు. నిసార్‌ను చూడగానే నమస్కారం పెట్టి ఆర్డరు కాగితం చేతికిచ్చాడు. డెల్టాసిరి లీజుకిచ్చిన బళ్ళన్నీ స్వాధీనం చేసుకుని అమ్మి బ్యాంకు బాకీకి జమ చెయ్యాలని హైదరాబాదు కోర్టు ఆర్డరు. జాబితాలో నూట నలభై బళ్ళున్నాయి. వాటిలో నాలుగు తెల్ల వ్యాన్లు.

నిసార్ సంచి తెరిచి ఒక్కొక్క కాగితమే చూపించాడు. ఆ అబ్బాయి అన్నీ ఓపిగ్గా చదివాడు.

"మీరు డబ్బు కట్టారండీ, కాదనను. కట్టాల్సిన చోట కట్టలేదు" అన్నాడు.

"చెక్కులు ఆపి, కట్టాల్సిన చోట కడితే జైలండీ."

"నిజమే" అన్నాడతను. "కానీ నాకిచ్చిన ఆర్డర్లో అదేం లేదు. బండి తీసుకురమ్మనే ఉంది. మీరు కోర్టులో చెప్పుకోవాలి."

లోపల నూట అరవై ట్రేల బ్రెడ్డు ఉంది. దింపుకోవడానికి అరగంట ఇచ్చాడు. జంక్షన్ కొట్లవాళ్ళు నలుగురైదుగురు వచ్చి తమ వాటా తీసుకెళ్ళారు. ఏలూరు, నూజివీడు వాళ్ళకు వెళ్ళాల్సింది రోడ్డు పక్కనే, టీ బంకు రేకు కింద పేర్చారు. ఆమోసు తాళం చెవి ఇచ్చేముందు వ్యాను ముందు సీట్లోంచి తన తువ్వాలు, నీళ్ళ సీసా తీసుకున్నాడు. అద్దం దగ్గర వేలాడే చిన్న సిలువ తీసుకోబోయి ఆగి, అది కూడా ఇచ్చెయ్యాలా అని ఆ వకీలును అడిగాడు. తీసుకోండి, అది జాబితాలో లేదు అన్నాడతను.

నిసార్ ఎస్.టి.డి. బూతు నుంచి ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. ఉయ్యూరులో ఒకటి, గుడివాడలో ఒకటి, సిటీలో ఒకటి, మిగతా మూడు కూడా పోయాయని సుబ్బరత్నం గారు చెప్పింది. బ్రెడ్డు ఏమైందని అడిగింది. చెప్పాడు. సరే, కిరాయి ఆటో చూసి పంపించండి, పాడవుతుంది, అంది. ఆ రోజు కార్తీకం, పెళ్ళిళ్ళ ముహూర్తం. జంక్షన్ లో ఒక్క ఆటో కూడా దొరకలేదు. పదకొండు గంటలకు ఎండ రేకు మీద పడింది. కవర్ల లోపల చెమ్మ పట్టడం కనబడుతూనే ఉంది. ఆయనా ఆమోసూ ట్రేలను నీడవైపు జరుపుతూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు.

డిసెంబరు ఐదున మళ్ళీ చెక్కు పడబోయింది. ఈసారి చెల్లించొద్దని రాశారు. పది రోజుల్లో నోటీసు వచ్చింది, డెల్టాసిరి నుంచి కాదు, మద్రాసులోని ఇంకెవరో ఫైనాన్సు కంపెనీ నుంచి. మిగిలిన చెక్కులన్నీ వాళ్ళ దగ్గర తాకట్టులో ఉన్నాయట. ఒకే అద్దెను డెల్టాసిరి ఇద్దరికి హామీ పెట్టింది. బళ్ళు లేవు కాబట్టి బాకీయే లేదని వాదించి గెలుస్తామని రామకోటేశ్వరరావు గారు చెప్పారు. గెలవడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేదు. వాళ్ళు వేసిన చెక్కు కేసులో సుబ్బరత్నం గారు జీవితంలో మొదటిసారి కోర్టు బోనులో నిలబడటానికి మద్రాసు వెళ్ళి వచ్చింది.

బళ్ళను వేలానికి ముందు మనకే అమ్ముతారేమోనని జయకృష్ణ హైదరాబాదు వెళ్ళాడు. అమ్ముతారు. ఒక్కోటి లక్షా పది వేలు. ఆగస్టు నుంచి నవంబరు దాకా కట్టని అద్దె ఎనభై ఒక్క వేల ఆరు వందలు కూడా కట్టాలి. అప్పటికి దగ్గరున్నదంతా కిరాయి ఆటోలకూ, పొయ్యి అప్పుకూ పోతోంది. డెల్టాసిరి దగ్గర ఉన్న లక్ష డిపాజిట్ రావాలంటే, మెట్ల మీద కూర్చున్న మేష్టర్ల వెనక వరసలో నిలబడాలి. ఆ లక్షను పోయినట్టు రాసుకుంటే టాక్సు తగ్గుతుందా అని సుబ్బరత్నం గారు అడిగింది. తగ్గదండీ, అది పెట్టుబడి నష్టం, అద్దెలాంటి ఖర్చు కాదు అని నిసార్ చెప్పాల్సి వచ్చింది. నూరు రూపాయల అద్దెలో అరవయ్యే మనకు పడేది. ఈ లక్ష మాత్రం అణా పైసలతో మనకే పడింది.

కొట్లవాళ్ళు మంచివాళ్ళే. రెండు వారాలు ఆగారు. తరవాత ఏలూరు నుంచి ఇంకో కంపెనీ బ్రెడ్డు వ్యాను వస్తుంటే ఎంతకాలం వద్దంటారు? సంక్రాంతి నాటికి ఉయ్యూరు లైను పోయింది, ఫిబ్రవరికి జంక్షన్ లైను పోయింది. రాత్రి షిఫ్టు ఆపేశారు. నలుగురు డ్రైవర్లను పిలిచి సుబ్బరత్నం గారు రెండేసి నెలల జీతం ఇచ్చి పంపింది. ఆమోసు చెరుకు లారీ నడపడానికి ఉయ్యూరు వెళ్ళాడు. వెళ్ళేముందు నిసార్ దగ్గరకు వచ్చి, నవంబరు ఆరో తారీఖు బిల్లు ఒకటి ఇవ్వాల్సి ఉంది సార్, డీజిలుది, అని అరవై రూపాయల రసీదు ఇచ్చి పోయాడు.

ఎవరూ నిసార్‌ను ఒక్క మాట అనలేదు. జయకృష్ణ అనలేదు, ఎందుకంటే లీజు అన్నది అతనే. సుబ్బరత్నం గారు అనలేదు. ఇంట్లో భార్య సబీహా మాత్రం, నువ్వు కొనమని ఉంటే ఆమె కొనేదే కదా అని ఒకసారి అంది. తప్పు పట్టడానికి కాదు, మామూలుగానే అంది. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మార్చి నెలాఖరున రాజీనామా కాగితం రాసి తీసుకెళ్ళాడు. సుబ్బరత్నం గారు ప్యాకింగు బల్ల దగ్గర కూర్చుని ఉంది. కాగితం చదివి మడిచింది.

"ఎందుకు?"

"నా లెక్క వల్లే కదండీ ఇదంతా."

"లెక్కలో తప్పుందా?"

ఆమె ఆ మడిచిన కాగితాన్ని ఆయన చేతికే తిరిగిచ్చింది.

"తప్పుంటే చూపించండి. అప్పుడు వెళ్దురుగాని" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నట్టు అంది.

ఆయన ఆ పాత కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళాడు. వారం రోజులు ప్రతి గీతా తిరగవేశాడు. తరుగుదల రేటు చూశాడు. పది పాయింట్ ఎనిమిదితో నెలనెలా భాగించి మళ్ళీ కూడాడు. అద్దె నెల మొదట్లో కట్టాల్సినదాన్ని చివర వేశానేమో అని ఒప్పందం తీసి చూశాడు. లేదు, చివరిదే. డిపాజిట్ ఐదేళ్ళ తరవాత వస్తుందని వేశాడు. ఒప్పందంలో వస్తుందనే ఉంది. ఒక్కచోట, ఒకే ఒక్కచోట పదకొండు వేల తప్పు దొరికితే చాలు, కొనడమే చవకని తేలిపోతుంది, అప్పుడు తాను చేతకానివాడు, అంతే. దానికోసం ఆయన ఎంత ఆశగా వెతికాడంటే, ఒక రాత్రి రెండో ఏటి తరుగుదల తప్పుగా కనబడి గుండె తేలికపడింది. మర్నాడు పొద్దున చూస్తే తప్పు కూడింది తానే, కాగితం మీద సరిగ్గానే ఉంది.

కంపెనీ మునిగితే ఏమవుతుంది అన్న గీత అందులో లేదు. దాన్ని ఏ రేటున వెయ్యాలో ఆడిటరు గారు నేర్పలేదు, పుస్తకంలోనూ లేదు. వేసి ఉంటే ఎంత వేసేవాడు? నూటికి ఒకటా, పదా? ఏం వేసినా అది తన భయానికి తాను పెట్టుకున్న ధరే తప్ప లెక్క అయ్యేది కాదు. కాని ఆ భయమే ఆమె ఆనాడు తనను అడిగింది. మీరైతే ఏం చేస్తారని అడిగింది.

ఎనిమిదో రోజు కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తప్పు దొరకలేదండీ."

సుబ్బరత్నం గారు కాగితాలు దగ్గరకు జరుపుకుంది. లోపల పొయ్యి దగ్గర ఎవరో ట్రేలు దులుపుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"దొరికుంటే బాగుండేది" అంది. "మనిద్దరికీ."

ఏప్రిల్ నుంచి జీతం సగమే ఇవ్వగలననీ, వారానికి మూడు రోజులు వస్తే చాలుననీ చెప్పింది. ఆయన సరేనన్నాడు. మిగతా మూడు రోజులకు గవర్నరుపేటలో ఒక బట్టల కొట్టులో పద్దులు రాయడానికి మాట్లాడుకున్నాడు. ఆ కొట్టు యజమాని, సరుకు చేరవెయ్యడానికి రెండు బళ్ళు అనుకుంటున్నాం, కొనమంటారా లీజుకు తీసుకోమంటారా అని రెండో వారమే అడిగాడు. ఆలోచించి చెబుతానండీ అన్నాడు నిసార్ అహ్మద్. ఆ యజమాని ఇంకో రెండుసార్లు అడిగి, ఆయన ఏమీ చెప్పకపోయేసరికి, వేరే ఎవరినో కనుక్కున్నాడు.